పరీక్షల భయం గురించి స్కూల్ కౌన్సెలర్‌కు మెయిల్‌లో ఏమి రాయాలి?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంట్లో అన్నీ అప్పజెప్పేస్తుంది, పరీక్ష హాల్లో మాత్రం చేతులు వణికి ఏమీ రాయలేకపోతోంది. క్లాస్ టీచర్ గారు స్కూల్ కౌన్సెలర్‌కు మెయిల్ పెట్టమన్నారు. అందులో ఏమి రాయాలి, ఏమి అడగాలి?

జవాబు: మాది పాలకొల్లు దగ్గర. మా అబ్బాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఇదే విషయమై వాళ్ల కౌన్సెలర్ గారికి నేను మెయిల్ రాశాను. ఆ అనుభవంతో చెబుతున్నానండి. అన్నింటికన్నా ముందు, మీరు కళ్లారా చూసిన సంగతులు రాయండి. "పాపకు బాగా టెన్షన్" అని మాత్రమే రాస్తే కౌన్సెలర్‌కు దానితో చేయగలిగింది పెద్దగా ఉండదు. పాఠం రాక కలిగే భయం, పాఠం వచ్చినా హాల్లో గుర్తుకు రానివ్వని భయం, చదవడంలోనో రాయడంలోనో ఉన్న ఇబ్బంది వల్ల పుట్టిన భయం, ఈ మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి కానీ మూడింటికీ చేయవలసింది వేరు. వాటిని విడదీయడానికి పనికొచ్చే వివరాలు చాలావరకు ఇంట్లోవాళ్ల దగ్గరే ఉంటాయి.

నేను రాసిన మెయిల్‌లో అసలు భాగం ఇది:

"నమస్కారమండీ. మా అబ్బాయి పరీక్షల విషయంలో మీ సహాయం కోరుతూ రాస్తున్నాను. పరీక్ష ముందురోజు సాయంత్రం నుంచి కడుపునొప్పి అంటాడు, ఉదయం తిన్నది నిలవదు. సెలవుల్లో, మామూలు బడి రోజుల్లో ఈ బాధ ఉండదు. డాక్టరు గారికి చూపించాము, కడుపులో దోషం ఏమీ లేదన్నారు. మొన్నటి లెక్కల పరీక్షలో చివరి రెండు పేజీలు ఖాళీగా వదిలేశాడు, అవే లెక్కలు ఆ సాయంత్రం ఇంట్లో నా ఎదుటే చేశాడు. నోటితో అడిగితే తడబాటు లేదు. మీరు వాడితో విడిగా మాట్లాడి, లెక్కల, తెలుగు ఉపాధ్యాయులను కూడా అడిగి, ఇది పరీక్షల భయమేనా, చదువులో వేరే ఇబ్బంది ఏదైనా ఉందా అన్నది పరిశీలించమని కోరుతున్నాను. ఆ తరువాత మేము ఇంట్లో ఏమి చేయాలో, బడిలో ఏ వెసులుబాటు సాధ్యమో మాట్లాడుకోవడానికి సమయం ఇవ్వగలరు. ఈ సంగతి తరగతిలో ప్రస్తావనకు రాకుండా చూడమని ప్రార్థన."

కౌన్సెలర్ గారు వాడితో ఒంటరిగా మాట్లాడారు, ఒక ప్రశ్నావళి నింపించారు, స్లిప్ టెస్ట్ రాస్తుండగా గది వెనక కూర్చుని గమనించారు. అప్పుడు తేలింది మాకెవరికీ తెలియని విషయం: పక్కవాళ్లు లేచి అడిషనల్ షీట్లు అడగడం మొదలుపెట్టగానే వీడి కలం ఆగిపోతోంది. ఆ క్షణం నుంచి ప్రశ్న మీద ఉండవలసిన ధ్యాస "నేను వెనకబడిపోయాను" అన్న ఆలోచన మీదికి పోతోంది. అందుకే ఆవిడ సూచించినవి చిన్నవే అయినా సరిగ్గా అక్కడే పనిచేశాయి. ఎవరూ కనిపించకుండా ముందు వరసలో చోటు ఇచ్చారు, రాయడం మొదలుపెట్టే ముందు పేపరంతా చదివి వచ్చిన ప్రశ్నలకు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోమన్నారు, చేతులు వణికితే కలం కిందపెట్టి నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పారు. ఇంట్లో మమ్మల్ని గడియారం పెట్టి మొదట పది నిమిషాలు, తరువాత అరగంట, ఆపైన పూర్తి పేపరు రాయించమన్నారు.

మీరు అడగకూడనిది కూడా ఒకటి ఉంది. "ఈసారికి పరీక్ష రాయకుండా మినహాయించండి" అని కోరకండి. తప్పించుకున్న ప్రతిసారీ ఆ రోజుకు హాయిగానే ఉంటుంది, తరువాతి పరీక్షకు భయం ఇంకా పెరుగుతుంది. కోరే వెసులుబాటు ఏదైనా పిల్లను హాల్లో కూర్చోబెట్టేదై ఉండాలి.

కౌన్సెలర్ పని పరిశీలన, సలహాల వరకే, జబ్బు నిర్ధారణ ఆమె చేయరు. చదవడం, రాయడంలోనే ఇబ్బంది ఉందని అనుమానం వస్తే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు పంపుతారు. అక్కడ చేసే పరీక్షలు ఆలస్యం చేయకండి, ఎందుకంటే పదో తరగతి బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటివి వైకల్య ధ్రువపత్రం మీద ఆధారపడతాయి. భయం ఒక్కటే కారణంగా చూపితే అవి దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. పాఠశాల సొంత పరీక్షల్లో మాత్రం ప్రధానోపాధ్యాయులు ఒప్పుకుంటే చాలా చేయవచ్చు.

పాప ఎప్పుడైనా "నేను ఉండి ఏం లాభం" లాంటి మాట అంటే మాత్రం మెయిల్‌కు జవాబు వచ్చేదాకా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు వెంటనే ఫోన్ చేయండి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ సమయంలో పాపను ఒంటరిగా వదలకండి.

మెయిల్ చివర, తరువాతి యూనిట్ టెస్ట్ అయ్యాక మళ్లీ కలుద్దామని కూడా రాయండి. ఇచ్చిన వెసులుబాటును ఒక్కొక్కటిగా తీసేయడం కూడా ఈ పనిలో భాగమే. మా అబ్బాయి వార్షిక పరీక్షలకు తన నంబరు ప్రకారం వచ్చిన మధ్య వరసలోనే కూర్చున్నాడు. కడుపునొప్పి ఇంకా వచ్చేది కానీ లెక్కల పేపరు చివరిదాకా రాశాడు.