ఆ రెండు వేలు డిస్కౌంటా, మిత్తా?

బిడ్డా,

ఉత్తరం అందింది. మిర్యాలగూడ మిల్లులో లెక్కలు నీ చేతికొచ్చినయని మీ అమ్మ ముందే ఫోన్ చేసి చెప్పింది. పది రోజుల్లో పైసలు కడితే నూటికి రెండు తగ్గిస్తరు, లేకుంటే ముప్పై రోజుల్లో మొత్తం కట్టాలె. అట్లాంటి బిల్లును పూర్తి మొత్తానికి రాయాలా, తగ్గించి రాయాలా అన్నది నీ ప్రశ్న.

ఒక బిల్లు తీసుకుందాం. దేవరకొండ దుకాణానికి 26 కిలోల బియ్యం బస్తాలు 80 పోయినయి, బస్తా 1,250. మొత్తం లక్ష. (25 కిలోలు దాటిన బస్తా కాబట్టి జీఎస్టీ గొడవ లేదు, నీ అదృష్టం.)

గ్రాస్ పద్ధతిలో ఆ రోజు పార్టీ ఖాతాకు లక్ష డెబిట్, అమ్మకాలకు లక్ష క్రెడిట్. ఎనిమిదో రోజు 98,000 వస్తే బ్యాంకుకు 98,000, డిస్కౌంట్ ఖాతాకు 2,000 డెబిట్ చేసి, పార్టీకి లక్ష క్రెడిట్ చేస్తవు. కట్టకుండా 26వ రోజు లక్ష తెస్తే బ్యాంకు డెబిట్, పార్టీ క్రెడిట్. గంతే.

నెట్ పద్ధతిలో మొదటి రోజే 98,000కు రాస్తవు. ఎనిమిదో రోజు కడితే ఖాతా సరిపోతది, డిస్కౌంట్ అన్న మాటే పుస్తకంలో రాదు. 26వ రోజు లక్ష వస్తే 98,000 పార్టీకి, మిగిలిన 2,000 ‘పోగొట్టుకున్న డిస్కౌంట్’ అనే ఆదాయ ఖాతాకు క్రెడిట్.

పైసలు రెండింట్లో అవే. తేడా ఆ రెండు వేలను ఏమనుకుంటున్నమన్న దాంట్లో ఉంది. గ్రాస్ లెక్క ప్రకారం బియ్యం ధర లక్ష, తొందరగా కట్టినాయనకు మనం రెండు వేలు వదులుకున్నం. నెట్ లెక్క ప్రకారం అసలు ధర 98,000, ఆలస్యం చేసినాయన మీద పడ్డ మిత్తి రెండు వేలు. 98,000 మీద ఇరవై రోజులకు రెండు వేలంటే నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి. అంత మిత్తికి బయట ఎవడన్నా అప్పు తెస్తడా? చేతిలో పైసలున్న దుకాణదారు ఆ తగ్గింపు వదులుకోడు. అందుకే నెట్టే నిజానికి దగ్గర అని నాకు అనిపిస్తది.

అయినా నువ్వు గ్రాస్‌లోనే రాయి. ఎందుకో చెప్త.

నల్లగొండలో ఒక హోల్‌సేల్ దుకాణంలో నేను గుమాస్తాగా ఉన్నప్పుడు, నెట్ పద్ధతి పెడదామని పట్టుబట్టింది నేనే. ఇట్లాంటి లక్ష బిల్లుకే 23వ రోజు హాలియా దుకాణాయన ఫోన్ చేసి “నా బాకీ ఎంతుంది?” అన్నడు. ఖాతా తెరిచి చూసి 98,000 అని చదివిన. మర్నాడే 98,000 పంపిండు. గడువు ఎప్పుడో దాటిందంటే, “మీరు చెప్పిందే కట్టిన గద” అన్నడు. ఆయన తప్పేముంది? పదకొండో రోజు పొద్దున పార్టీకి రెండు వేలు డెబిట్, పోగొట్టుకున్న డిస్కౌంట్‌కు క్రెడిట్ అని జర్నల్ వేసి ఉంటే ఖాతాలో లక్ష కనబడేది. నేను వెయ్యలేదు. రోజూ గడువు దాటిన బిల్లులు వెతికి ఆ ఎంట్రీ వేసే ఓపిక ఉంటేనే నెట్ పద్ధతి పనికొస్తది. మీ మిల్లులో ఒక్కదానివే ఉన్నవాయె.

గ్రాస్‌లోనూ ఒక గుంత ఉంది. బ్యాంకులో పడ్డ 98,000కే రసీదు రాసి, డిస్కౌంట్ రాయడం మరిచిపోతరు. టాలీలో ఆ బిల్లు కింద రెండు వేలు బాకీగా వేలాడతనే ఉంటది, ఆర్నెల్లకు ఎవరో దాన్ని వసూలు చెయ్యమని పార్టీకి ఫోన్ చేస్తరు. రసీదు రాసిన రోజే డిస్కౌంట్ డెబిట్, పార్టీ క్రెడిట్ అని Journal వేసి, `Agst Ref` కింద అదే బిల్లు నంబరుకు తగిలించు. `New Ref` కొడితే బిల్లు మూసుకోదు.

ఇంకొకటి, మార్చి 31. మార్చి 28న రాసిన లక్ష బిల్లుకు గడువు ఏప్రిల్ 7 దాకా ఉంటది. ఆ పార్టీ ఎప్పుడూ గడువులోపే కట్టేదైతే, రెండు వేలకు అదే మార్చిలో ప్రొవిజన్ రాసి పెట్టు. లేకుంటే రాని పైసలు ఆ ఏడాది లాభంలో కలుస్తయి.

పది రోజులంటే చెక్కు చేతికిచ్చిన రోజా, బ్యాంకులో పడ్డ రోజా అన్నది మీ సేటును అడిగి బిల్లు మీదే అచ్చు వేయించు. దేవరకొండ నుంచి పదో రోజు సాయంత్రం చెక్కు పట్టుకొని వచ్చేవాళ్లు నీకు తప్పకుండా తగులుతరు.

ఇట్లు,
మీ మామ