ఆ ‘దాన్ని’ ఏమిటి తమ్ముడూ?

తమ్ముడికి,

నువ్వు పంపిన పంపుసెట్టు కరపత్రం చదివాను. భాష సాఫీగానే ఉంది. కానీ నాలుగో వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండింది.

“డెలివరీ వాల్వు మూసి, పంపు నిండా నీళ్లు పోసి, గాలి వదిలే స్క్రూ బిగించండి. మోటారు ఆన్ చేసి ప్రెషర్ వచ్చాక దాన్ని మెల్లగా తెరవండి.”

దేన్ని? నీ మనసులో ఉన్నది వాల్వు. చదివే రైతుకు చివర కనబడింది స్క్రూ. మోటారు తిరుగుతుండగా అతను స్క్రూ విప్పితే నీళ్లు మొహాన కొడతాయి. ఈలోగా వాల్వు మూసే ఉంటుంది, పంపులో నీళ్లు కదలక వేడెక్కుతాయి. కాసేపైతే సీలు పాడవుతుంది. “డెలివరీ వాల్వును మెల్లగా తెరవండి” అని రాయడానికి నీకేమైంది?

అదే వాక్యంలో ఇంకో గొడవ ఉంది. ఆన్ చేసేది మనిషి, వచ్చేది ప్రెషర్. ‘చేసి’ అన్నాక తర్వాతి పనీ ఆ మనిషే చేయాలి. ఇక్కడ ‘చేసి’ గాల్లో వేలాడుతోంది. “మోటారు ఆన్ చేయండి. ప్రెషర్ వచ్చాక...” అని రెండుగా విరిచెయ్.

జాగ్రత్తల్లో ఇంకా ఘోరం: “నీళ్లు లేకుండా ఆగిన మోటారును ఆన్ చేయవద్దు.” నీళ్లు లేక ఆగిపోయిన మోటారునా, నీళ్లు లేకుండా ఆన్ చేయడాన్నా? మొదటి అర్థం తీసుకున్నవాడు, మామూలుగా ఆగి ఉన్న మోటారును పొడి పంపుతోనే తిప్పేస్తాడు. “పంపులో నీళ్లు లేనప్పుడు మోటారు ఆన్ చేయవద్దు” అంటే ఆ సందు ఉండదు. “తడి చేతులతో ఉన్న స్టార్టరు” గురించి ఏమీ అనను. స్టార్టరుకు చేతులెప్పుడొచ్చాయో నువ్వే చెప్పాలి.

పేరు మళ్లీ మళ్లీ వస్తే బాగోదని నీకెవరు నేర్పారో నాకు తెలుసు. నాకూ అలాంటి ఎడిటరే దొరికాడు. మందు కొట్టే స్ప్రేయరుకు నేను “ట్యాంకు ప్రెషర్ వదలండి. నాజిల్ విప్పండి. నాజిల్ కడగండి” అని రాశాను. పునరుక్తి దోషమంటూ ఆయన దాన్ని “నాజిల్ విప్పి, ట్యాంకులో ప్రెషర్ పోయాక దాన్ని కడగండి” అని దిద్దాడు. వరసే తిరగబడింది, ప్రెషర్ ఉండగానే నాజిల్ విప్పమన్నాడు! అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. ఒకాయన మాత్రం ఫోన్ చేసి, “ట్యాంకు మూడుసార్లు కడిగాను, అయినా మందు రావట్లేదు” అన్నాడు. ఆ రోజు నుంచి నా సూచనల్లో ‘అది’, ‘దాన్ని’, ‘దీనితో’ అన్నవి లేవు. కథల్లో పెట్టుకో, ఎవరొద్దన్నారు?

నువ్వు ఒక పని చెయ్. పంపు ముందు దాని సంగతి తెలియని ఇద్దరిని నిలబెట్టి, ఒక్కొక్కరికి విడిగా చదివి వినిపించు. ‘దాన్ని’ వచ్చినప్పుడల్లా వేలితో చూపించమను. వేళ్లు వేర్వేరు చోట్లకు పోయాయా, అక్కడ వస్తువు పేరు రాసెయ్.

పారితోషికం సంగతి, బొమ్మల సంగతి అడిగావు. ముందు ఆ నాలుగో వాక్యం దిద్ది పంపు.

మీ అన్న