కడుపు కట్టుకున్న నాయిన ఇంగ్లీషులో ఏమయ్యాడు

తమ్ముడూ,

అమెరికా చదువుకు పెట్టే దరఖాస్తు కోసం నువ్వు రాసి పంపిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ చదివిన. రెండు వాక్యాల దగ్గర ఆగిపోయిన, వాటి గురించే రాస్తున్న.

మొదటిది: ‘మై ఫాదర్ టైడ్ హిజ్ స్టమక్ అండ్ మేడ్ మి రీడ్.’ మర్రిగూడలో ఎవరికి చూపించినా అర్థమైతది. నాయిన కడుపు కట్టుకుని చదివించిండని. అదే అమెరికాలో దీన్ని చదివే ప్రొఫెసరుకు మీ నాయిన పొట్టకు తాడు బిగించి, నిన్ను బలవంతంగా పుస్తకం ముందు కూర్చోబెట్టినట్టు ఉంటది. మనకు ‘చదువు’ ఒక్కటే మాట. ఇంగ్లీషులో పుస్తకం చదవడానికి రీడ్, కోర్సు చదవడానికి స్టడీ. ‘చదివించిండు’ లోని ‘ఇంచు’కు ‘మేడ్’ పెడితే బలవంతం వచ్చి చేరుతది.

ఈ దెబ్బ నాకూ తగిలింది. లెక్చరర్ ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తులో ‘ఐ రెడ్ ఇన్ గవర్నమెంట్ స్కూల్ ఓన్లీ’ అని రాసిన. సర్కారు బడిలోనే అనే ‘ఏ’ని ‘ఓన్లీ’ చేసిన. ఇంటర్వ్యూలో ఒకాయన నవ్వుకుంట అడిగిండు, ‘అయితే ఇంట్లో చదవలేదా?’

కడుపు కట్టుకోవడానికి ఇంగ్లీషు సామెత వెతకకు. నాయిన ఏం చేసిండో చెప్పు. ఫోన్‌లో అడిగితే రెండు బర్రెలు అమ్మి ఫీజు కట్టిండన్నవు కదా. ‘మై ఫాదర్ సోల్డ్ హిజ్ టూ బఫెలోస్ టు పే మై కాలేజ్ ఫీజ్.’ అంతే. పాలమ్ముకుని బతికే ఇంట్లో బర్రెలు పోవడమంటే ఏందో చదివేవాడికి అర్థం కావాలంటే ‘దేర్ మిల్క్ వాజ్ అవర్ మెయిన్ ఇన్‌కమ్’ అని ఒక ముక్క చేర్చు.

రెండోది ఇంకా చిక్కు. ‘ఫ్లోరైడ్ బ్రోక్ ద వెయిస్ట్ ఆఫ్ అవర్ విలేజ్’ అన్నవు. నడుము విరగడం మనకు నుడికారం. ఇంగ్లీషువాళ్లకు విరిగేది వీపు, నడుము కాదు. అది దిద్దినా తిప్పలు తీరవు. మన నల్గొండలో ఫ్లోరోసిస్‌తో మనుషుల వెన్నెముకలు నిజంగనే వంగిపోయినయ్. నువ్వు చెప్పేది అలంకారమా, రోగమా అన్నది తేలదు. నీళ్ల శుద్ధి చదువుతా అంటున్నవు కాబట్టి రోగాన్ని రోగంగనే రాయి: తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, మీ బోరులో ఎంతుంది? పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరుంది. ఆ పేరును ఇట్లనే ఉంచు, తర్జుమా చేయకు.

మిగతా పేజీని ఇట్ల పట్టి చూడు. ఏ ఇంగ్లీషు వాక్యం మాటకు మాటగా తెలుగులోకి తిరిగొచ్చి హాయిగ ఒదిగిపోతదో, దాన్ని అనుమానించు. అది తెలుగులో పుట్టి ఇంగ్లీషు అంగీ తొడుక్కున్నదే.

మీ బోరు నీళ్ల పరీక్ష రిపోర్టు దొరికితే దాన్ని కూడా పెట్టి రెండో ప్రతి పంపు.

మీ అన్న