హామ్ స్టేషన్‌లో రెండయ్యే బండి: మీ బోగీ ఎటు వెళ్తుంది?

ఈ నెల నేను తిరుపతికి వచ్చినప్పుడు, చిత్తూరు నుంచి జర్మనీలోని డోర్ట్‌మండ్‌కు చదువుకు వెళ్తున్న ఒక అబ్బాయి తన తండ్రిగారితో మా ఇంటికి వచ్చి, బెర్లిన్‌లో దిగి అక్కడి నుంచి రైలులో వెళ్తానని చెప్పాడు. అతనికి చెప్పిన మాటలనే ఇక్కడ రాస్తున్నాను.

రేణిగుంట మీదుగా పోయే ప్రతి బండీ తిరుపతికి రాదని మనకు తెలుసు. అయితే బెర్లిన్ నుంచి పడమరకు వెళ్లే ఐసీఈ అనే కొన్ని వేగవంతమైన బండ్లు హామ్ అనే స్టేషన్‌లో రెండుగా విడిపోతాయి. సాధారణంగా ఒక సగం డోర్ట్‌మండ్, ఎస్సెన్, డ్యూస్‌బర్గ్ మీదుగా డ్యుసెల్‌డార్ఫ్ వైపు, మరో సగం హాగెన్, వూపర్టాల్ మీదుగా కొలోన్ వైపు వెళ్తాయి. రెండు సగాలూ కలిసి దాదాపు 400 మీటర్ల పొడవుంటాయి కాబట్టి, ప్లాట్‌ఫారం మీద ఎక్కడ నిలబడ్డారన్నదే మీ ఊరిని నిర్ణయించవచ్చు.

నేను జర్మనీ వెళ్లిన మొదటి సంవత్సరం డోర్ట్‌మండ్‌కు పోతూ దగ్గరగా కనిపించిన తలుపులో ఎక్కి, సూట్‌కేసు పైన పెట్టి కూర్చున్నాను. కాసేపటికి బోగీలోని తెరమీద డోర్ట్‌మండ్ లేదు, వూపర్టాల్ ఉంది. లోపలి నుంచే అవతలి సగానికి నడిచి వెళ్దామనుకున్నాను గానీ, చివరి బోగీ దాటాక ఎదురైనది డ్రైవరు గది, దానికి తాళం. రెండు సగాల మధ్య లోపలి దారి లేదు. హానోవర్‌లో దిగి, సామానుతో ప్లాట్‌ఫారం వెంట పరుగెత్తి అవతలి సగంలో ఎక్కాను. హామ్ దాకా ఆగవద్దని అందుకే చెబుతాను: హానోవర్‌లో బండి కొన్ని నిమిషాలు ఆగుతుంది, మారడానికి అదే మంచి చోటు.

సీటు రిజర్వేషన్ తప్పక చేయించుకోండి, ఎందుకంటే అందులోని బోగీ నంబరు మీరు ఏ సగంలో ఉండాలో చెప్పేస్తుంది. తరువాత జర్మన్ రైల్వే వారి DB Navigator యాప్‌లో Wagenreihung, అంటే బోగీల వరుస, అని ఉన్నచోట ఆ బోగీ ప్లాట్‌ఫారంపై ఏ అక్షరమున్న బోర్డు దగ్గర ఆగుతుందో చూసి అక్కడే నిలబడండి. బండి కొన్నిసార్లు తలకిందులైన వరుసలో వస్తుంది గనుక, ఆ అక్షరాన్ని బయలుదేరే ముందు మరోసారి చూడాలి, తలుపు పక్కనున్న తెరమీద బండి నంబరునూ గమ్యాన్నీ కూడా చదవాలి. ఒకే బండిగా కనిపించినా రెండు సగాలకు వేర్వేరు నంబర్లుంటాయి.

తిరుగు ప్రయాణంలో ఈ భయం లేదు. హామ్‌లో రెండు సగాలూ కలిసి బెర్లిన్‌కే వస్తాయి.

అన్నీ చూసుకున్నా తప్పు సగంలో హామ్ దాటిపోతే, కంగారుపడక కండక్టరుకు విషయం చెప్పి, టికెట్టు ఏ బండికి చెల్లుతుందో అడగండి. హాగెన్‌లో దిగితే అక్కడి నుంచి డోర్ట్‌మండ్‌కు ప్రాంతీయ రైలులో దాదాపు ఇరవై నిమిషాల ప్రయాణం.