తట్టుకి 15, ఫ్లూకి 1.3 అంటారు, మరి క్లాసంతా ఫ్లూతోనే ఎందుకు పడుకుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబు రెండో తరగతి. పోయిన నెల వాళ్ల క్లాసులో వారం తిరిగేసరికి సగం మంది ఫ్లూతో స్కూల్ మానేశారు. ఇప్పుడు ఒక పిల్లాడికి తట్టు వచ్చిందంట, వారం అయింది, ఇంకెవరికీ రాలేదు. స్కూల్ గ్రూపులో ఎవరో ఆర్ నాట్ అని ఒక లెక్క పెట్టారు, తట్టుకి 15, జలుబుకి 2 లేదా 3, ఫ్లూకి 1.3 అని. ఇది ఉల్టాగా ఉంది కదా? ఇంట్లో ఏడు నెలల పాప ఉంది, అందుకే అడుగుతున్నా.

జవాబు: అమ్మా, ఆ ఫార్వర్డ్‌లో అంకెలు దాదాపు కరెక్టే. తట్టుకి పుస్తకాల్లో 12 నుంచి 18 అని రాస్తారు. మీరు కళ్లారా చూసింది కూడా కరెక్టే. ఇబ్బందల్లా ఆ అంకెని మనం స్పీడు అనుకోవడం దగ్గరే వస్తుంది. ఆర్ నాట్ చెప్పేది ఒకటే, ఇంతవరకు ఆ జబ్బు ఎవరికీ రాని, టీకా కూడా ఎవరూ వేసుకోని ఊళ్లోకి ఒక రోగి వస్తే అతను తగ్గేలోపు సగటున ఎంతమందికి అంటిస్తాడు అని. ఎన్ని రోజుల్లో అంటిస్తాడు అనేది ఆ అంకెలో లేనే లేదు.

రోజుల లెక్క వేరే ఉంది. ఒకరికి జబ్బు బయటపడ్డాక, అతని నుంచి అంటుకున్నవాళ్లకి బయటపడటానికి ఫ్లూలో మూడు రోజులు చాలు, తట్టులో సుమారు 12 రోజులు పడుతుంది. అంటే తట్టు ఒక్క రౌండు తిరిగేలోపు ఫ్లూ నాలుగు రౌండ్లు తిరిగేస్తుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. ఫ్లూకి 1.3 చొప్పున నాలుగు రౌండ్లు అయితే 1.3, 1.7, 2.2, 2.9, అంటే 12వ రోజున కొత్తగా పడేది ముగ్గురు. తట్టు అదే 12 రోజుల్లో, అడ్డు ఏమీ లేకపోతే 15 మంది. ఇక్కడ తట్టుదే పైచేయి. కానీ ఫ్లూ అంకె 1.3 బదులు 2 అయిందనుకోండి, 2, 4, 8, 16. ఉట్టి 2 ఉన్న జబ్బు 15 ఉన్న జబ్బుతో సమానంగా వచ్చేసింది, రౌండ్లు చిన్నవి కాబట్టి!

మరి మీ బాబు క్లాసులో ఫ్లూకి 1.3 ఏనా అంటే కాదు. అసలు ఈ అంకె వైరస్ ఒంటి మీద పచ్చబొట్టు లాగా ఉండేది కాదు, రోజుకి ఎంతమందిని కలుస్తాం, కలిసినప్పుడు అంటుకునే ఛాన్స్ ఎంత, ఎన్ని రోజులు అంటించగలం, ఈ మూడూ గుణిస్తే వచ్చేది. ఊరంతటికీ కలిపి చూస్తే మామూలు సీజన్ ఫ్లూకి 1.3 దగ్గర వస్తుంది, పైగా ఊళ్లో పెద్దవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఫ్లూ వచ్చే ఉంటుంది కాబట్టి కొంత రక్షణ కలిసిన అంకె అది, అసలు సిసలు ఆర్ నాట్ అనడానికి కూడా లేదు. అదే ఒక బెంచీకి ముగ్గురు కూర్చునే క్లాసు అయితే కథ వేరు. 1978 జనవరిలో ఇంగ్లండ్‌లో ఒక మగపిల్లల బోర్డింగ్ స్కూల్లో ఫ్లూ వచ్చింది, 763 మంది ఉంటే రెండు వారాల్లో 512 మంది మంచం ఎక్కారు. ఆ రోజువారీ లెక్కలు తీసుకుని ఆర్ నాట్ కడితే 3 పైనే, 4 దగ్గరికి వస్తుంది. మీ క్లాసుకి 4 అనే అనుకుందాం, సోమవారం ఒకడు, గురువారం నలుగురు, ఆదివారానికి ఇంకో పదహారు మంది, మొత్తం 21. నలభై మంది క్లాసులో మీరు చూసింది దాదాపు ఇదే.

జలుబు సంగతి చెప్పేస్తాను, పెద్దగా ఏం లేదు. జలుబు అనేది ఒక జబ్బు కాదు, రకరకాల వైరస్‌లు కలిసి రెండొందలకి పైగా ఉంటాయి, ఒకటి వచ్చి పోయినా ఇంకోదానికి అడ్డు ఉండదు. అన్నిటికీ కలిపి 2, 3 అని ఒక అంకె వేయడం అంటే బస్సు, ఆటో, సైకిల్ కలిపి సగటు స్పీడు చెప్పినట్టే, నేనైతే దాన్ని పట్టించుకోను.

ఇక తట్టు. వారం రోజులు ఎవరికీ రాలేదంటే దానికి రెండు కారణాలు, ఒకటి మంచిది, రెండోది కాదు. మంచి కారణం ఏంటంటే క్లాసులో ఎక్కువ మందికి ఎంఆర్ టీకా పడి ఉంటుంది. నలభై మందిలో 37 మందికి రక్షణ ఉంటే మిగిలింది ముగ్గురే, అంటే నలభైకి మూడు మాత్రమే. 15 ని దాంతో గుణిస్తే 1.1 వస్తుంది. అందుకే 15 అనే జబ్బు మీ క్లాసులో నత్తలాగా కనిపిస్తుంది. కానీ చూడండి, 37 మందికి రక్షణ ఉన్నా ఇంకా 1 కిందికి రాలేదు, 1 కిందికి వస్తేనే గొలుసు తెగుతుంది. ఎంతమందికి రక్షణ ఉండాలో 1 - 1/R0 అని లెక్క కడతారు, R0 అంటే ఆ ఆర్ నాట్ అంకే, 15 కి అది 93 శాతం, హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్లు 95 శాతం అని పట్టుబట్టేది ఇందుకే. అదే ఫ్లూ 1.3 కి 23 శాతమే వస్తుంది.

రెండో కారణం, ఇంకా టైమ్ కాలేదు. తట్టు సోకిన రోజు నుంచి దద్దుర్లు వచ్చేసరికి సుమారు 14 రోజులు, ఒక్కోసారి 7 నుంచి 21 వరకు. ఆ పిల్లాడు దద్దుర్లకి నాలుగు రోజుల ముందు నుంచే అంటిస్తుంటాడు, అప్పటికి చూడ్డానికి మామూలు జ్వరం, జలుబు, ఎర్ర కళ్లు, అంతే. పైగా అతను గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ గాలిలో ఉంటుంది. కాబట్టి అతను చివరగా స్కూలుకి వచ్చిన రోజు రాసుకుని అక్కడ నుంచి 21 రోజులు లెక్కపెట్టండి, అంతవరకు "ఎవరికీ రాలేదు" అని నిర్ధారణకి రావద్దు.

మీ బాబు టీకా కార్డు తీసి చూడండి, 9-12 నెలల్లో ఒకటి, 16-24 నెలల్లో ఒకటి, రెండు ఎంఆర్ డోసులు పడి ఉంటే వాడి ద్వారా పాపకి వచ్చే అవకాశం చాలా తక్కువ. ఒకటే పడితే రెండోది ఇప్పుడే వేయించండి. పాపకి ఇంకా 9 నెలలు కాలేదు, కానీ చుట్టుపక్కల కేసులు పెరిగితే ఆరు నెలలు దాటిన పిల్లలకి ముందే ఒక డోసు వేస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోరు, 9 నెలలకి, 16-24 నెలలకి మళ్లీ మామూలుగా వేయించాలి. మీ ఏఎన్ఎం గారిని ఈ సంగతి అడగండి. రేపు ఎప్పుడైనా తట్టు ఉన్న పిల్లాడు పాప ఉన్న గదిలోకే వచ్చాడని తెలిస్తే మాత్రం ఆగకండి, 72 గంటల్లోపు టీకా పడితే జబ్బుని ఆపే అవకాశం ఉంటుంది, అది దాటినా ఆరు రోజుల్లోపు అయితే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి చెప్పండి, ఓపీలో అందరి మధ్య కూర్చోబెట్టకుండా విడిగా చూస్తారు.