కోర్టులో ఏపీపీ మన తరఫు లాయరు కాదు

ప్రశ్న: బైకు దొంగతనం కేసులో మా తమ్ముణ్ణి జూన్ 1న రిమాండ్ చేసి సబ్‌జైలుకు పంపారు. కోర్టులో ప్రభుత్వ లాయరు ఉంటారుగా, ఆయన్నే బతిమాలుకోమంటున్నారు. వాడికి నెలకు 18 వేలు వచ్చేవి కాబట్టి ఉచిత లాయరు రారట. ప్రైవేటు లాయరును పెట్టుకునే స్తోమత మాకు లేదు. ఏం చేయాలి?

జవాబు: ఏపీపీ, అంటే మీరు చెబుతున్న ఆ ప్రభుత్వ లాయరు దగ్గరకు మాత్రం వెళ్లకండి. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున నడిపించడం, బెయిలు పిటిషన్‌పై అభ్యంతరాలు చెప్పడం ఆయన పని. ఎలాగైనా శిక్ష వేయించాలని ఆయనకేమీ రూలు లేదు, మీకు పనికొచ్చే సాక్ష్యాన్ని దాచనూ కూడదు. అయినా మీ తరఫున వాదించరు. జాలి కలుగుతుందని "ఒక రౌండు తిప్పి తెచ్చేద్దామనుకున్నాడు సార్" అన్నారనుకోండి, బండి వాడి చేతిలో ఉందని మీరే చెప్పినట్టు. అదే మాట మీ తమ్ముడు తన లాయరుతో అంటే, అతని అనుమతి లేకుండా ఆయన బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు.

డిఫెన్స్ లాయరు అసలు పని క్రాస్‌లో, అంటే అవతలి పక్షం సాక్షులను ప్రశ్నించేటప్పుడు కనబడుతుంది. ఇలాంటి కేసుల్లో ప్రాణమంతా బండి దొరికిందనే పంచనామాలోనే ఉంటుంది. సంతకం పెట్టిన మధ్యవర్తి "స్టేషన్‌లోనే సంతకం పెట్టాను, బండి పట్టుకోవడం చూడలేదు" అన్నాడంటే కేసు బాగా సడలుతుంది. ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేకపోతే ఆ మాట రికార్డులోకే రాదు.

ఇక ఉచిత లాయరు సంగతి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేదు. 18 వేలు అడ్డం కాదు, ఆదాయ ధ్రువపత్రం కోసం తిరగొద్దు. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి ఇవ్వండి. క్రైం నంబరు, స్టేషన్, కోర్టు, వాయిదా తేదీ అందులో ఉండాలి. మీ తమ్ముడు జైలు సూపరింటెండెంటు ద్వారా కూడా పంపుకోవచ్చు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి. చాలా జిల్లాల్లో ఇప్పుడు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఉన్నారు. ప్రైవేటు కేసులు పట్టకుండా ఇదే పనిగా ఉండే లాయర్లు. వకాల్తా మీద మీ తమ్ముడి సంతకం జైల్లోనే తీసుకుంటారు. ఫీజని ఎవరైనా చేయి చాపితే కార్యదర్శికి రాసివ్వండి, లాయరును మారుస్తారు.

లాయరు కుదరగానే ఒక తేదీ గుర్తు చేయండి. ఇలాంటి కేసులో పోలీసులు 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. రిమాండ్ రోజునూ కలిపి లెక్కిస్తే జూలై 30తో గడువు అయిపోతుంది. అప్పటికి వేయకపోతే, 31న పొద్దున్నే డిఫాల్ట్ బెయిలు పిటిషన్ పడాలి. "రేపు చూద్దాం" అనుకునేలోగా చార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది. అందుకే ఈలోగా మామూలు బెయిలు పిటిషన్ కూడా వేయించండి.

జామీనుదారులను మాత్రం మీరే చూసుకోవాలి. బెయిలు వచ్చాక కూడా ఏడు రోజుల్లో విడుదల కాకపోతే, జైలు సూపరింటెండెంటు ఆ విషయం కార్యదర్శికి తెలపాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. ఎనిమిదో రోజున మీరూ వెళ్లి అడగండి. షరతులు తగ్గించమని పిటిషన్ వేయిస్తారు.