ఆదివారం డ్యూటీకి 2,000 రూపాయలు: ఒప్పుకోవాలా?

ప్రశ్న: కడపలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎర్రముక్కపల్లిలో గది. సాయంత్రం ఆరు నుంచి పది వరకు వై.వి.స్ట్రీట్‌లోని బట్టల దుకాణంలో బిల్లింగ్ చేస్తాను. సోమవారం నుంచి శనివారం వరకు పని, నెలకు 6,000 ఇస్తారు. ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా వస్తే నెలకు ఇంకో 2,000 ఇస్తామంటున్నారు. ఆ డబ్బుతో బ్యాంకు క్లర్కు పరీక్షకు కోచింగ్‌లో చేరదామనుకుంటున్నాను. సెమిస్టర్ పరీక్షలూ ఉన్నాయి. వారాన్ని ఎలా సర్దుకోవాలి?

జవాబు: ఆదివారం ఒప్పుకోవద్దు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

నెలకు 26 రోజులు, రోజుకు నాలుగు గంటలు. దుకాణంలో గడిచేది 104 గంటలు. షేర్ ఆటోలో రానూపోనూ నలభై నిమిషాలు అనుకుంటే అది నెలకు మరో 17 గంటలు. ఆటోకు రోజుకు 30, టీకీ తినుబండారానికీ 20 చొప్పున 1,300 ఖర్చవుతుంది. అంటే 121 గంటలకు మీ చేతిలో మిగిలేది 4,700. గంటకు 39 రూపాయలు. ఆదివారాలు నాలుగూ కలిపి ప్రయాణంతో సహా దాదాపు 51 గంటలు. ఆటోకు, మధ్యాహ్న భోజనానికి 440 పోతే మిగిలేది 1,560. గంటకు 31 కూడా రాదు. రోజంతా నిలబెట్టుకుని, మామూలు సాయంత్రాల కంటే తక్కువ ధరకే మీ సమయాన్ని కొంటున్నారన్నమాట.

అంతకంటే ముఖ్యమైనది, వారంలో మూడు గంటలు ఒక్క బిగిన కూర్చోగలిగే రోజు మీకు అదొక్కటే. సెమిస్టర్ పరీక్ష మూడు గంటలు రాయాలి. అకౌంటెన్సీ లెక్కలు తెలిసి కూడా బ్యాలెన్స్ షీటు పూర్తిచేయలేక మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు గడియారం ఎదురుగా పెట్టుకుని ఒక పాత ప్రశ్నపత్రం పూర్తిగా రాయండి. సాయంత్రం ఒక గంట బ్యాంకు ప్రిలిమ్స్ నమూనా పరీక్ష రాయండి. అందులో వంద ప్రశ్నలు, అరవై నిమిషాలు, ఒక్కో విభాగానికి ఇరవై నిమిషాలు. తర్వాత బట్టలు ఉతుక్కోండి, నిద్రపోండి.

ఈ ఏడాదికి బ్యాంకు పరీక్షకు అంత చాలు. నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీకి డిగ్రీ పూర్తయి ఉండాలి. ఇప్పుడే కోచింగ్‌కు డబ్బు కట్టడం తొందరపాటు. మూడో సంవత్సరంలో ఆలోచించవచ్చు.

మిగిలిన ఆరు రోజులు ఇలా ఉంటే బాగుంటుంది. రాత్రి పదకొండుకల్లా పడుకోండి, దుకాణం నుంచి వచ్చాక పుస్తకం తెరవద్దు. ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు లెక్కలుండే సబ్జెక్టులు చేయండి. తరగతులు అయ్యాక గదికి వెళ్లకుండా కాలేజీ లైబ్రరీలోనే ఒక గంట కూర్చుని ఆ రోజు పాఠాల నోట్సు పూర్తిచేయండి. గదికి వెళితే నడుం వాలుస్తారు, ఆ గంట పోతుంది. ఇలా ఆరు రోజులకు 18 గంటల చదువు తేలుతుంది.

ఇక పరీక్షల సమయం. పరీక్షలకు ముందు ఒక వారం, పరీక్షలు జరిగే రెండు వారాలు, మొత్తం మూడు వారాలు జీతం లేకుండా సెలవు తీసుకోండి. దానికి డబ్బు ముందే సిద్ధం చేసుకోవాలి. మూడు వారాల జీతం దాదాపు 4,150, కానీ ఆటో, టీ ఖర్చులు ఉండవు కాబట్టి నిజంగా తగ్గేది 3,300 లోపే. జీతం అందిన రోజే 1,100 చొప్పున మూడు నెలలు పక్కన పెడితే సరిపోతుంది. దీనికి పోస్టాఫీసు ఆర్‌డీ వద్దు. దాని గడువు ఐదేళ్లు, మూడేళ్లు నిండకుండా మూసేయడానికి ఉండదు. 500 రూపాయలతో తెరిచే పోస్టాఫీసు పొదుపు ఖాతా చాలు. మీ ఫోనులోని యూపీఐతో ఖర్చయ్యే డబ్బుతో మాత్రం దీనిని కలపవద్దు.

యజమానికి సెలవు సంగతి ఈ నెలలోనే చెప్పండి. వారం ముందు చెబితే ఆయనకు మనిషి దొరకడు, మీ ఉద్యోగానికే ముప్పు. రంజాన్, దసరా వంటి రద్దీ రోజుల్లో, పరీక్షలు దగ్గరలో లేకపోతే, ఒకటి రెండు ఆదివారాలు వస్తానని మాట ఇవ్వండి. ఆయనకు నిజంగా మనిషి కావలసింది అప్పుడే. మీ సెలవుల్లో బిల్లింగ్ తెలిసిన స్నేహితుణ్ని కూర్చోబెట్టగలిగితే ఇంకా మంచిది.

రెండు విషయాలు గమనిస్తూ ఉండండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తున్నట్లయితే హాజరు 75 శాతం కంటే తగ్గకూడదు. తగ్గితే పోయే మొత్తం ముందు ఈ 2,000 లెక్కలోకి రాదు. నెలకోసారి కాలేజీలో అడిగి చూసుకోండి. రెండోది, ఉదయం చదువు ఒకే వారంలో మూడు రోజులు తప్పితే నిద్ర చాలడం లేదని అర్థం. అప్పుడు వారంలో ఒక సాయంత్రం పని మానేయండి. అమ్మకాలు మందంగా ఉండే రోజు ఏదో యజమానినే అడిగితే ఆయనా ఒప్పుకుంటారు. దానివల్ల మీకు తగ్గేది వారానికి 180 రూపాయలు.